దస్తావేజులో తగ్గించిన ధర ఎవరి తలకు చుట్టుకుంటాది?

స్థలం కొన్నాక మనోళ్ళు ఒకరినొకరు అడిగే మాట ఒకటుంది. "ఎంతకు కొన్నావప్పా?" అన్నది కాదు. "ఎంతకు రాయించినావు?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకటే అయిన దస్తావేజు మన ఆదోనిలో, ఎమ్మిగనూరులో నేను చూసింది తక్కువ. కొన్న ధర ఒకటి, కాగితం ధర ఇంకొకటి. ఇది తప్పు అని కూడా ఎవరికీ అనిపించదు. గవర్నమెంటుకు కట్టే దుడ్లు మిగిలినాయి కదా, ఎవరికి నష్టం అంటారు.

నష్టం గవర్నమెంటుకు ఒక్కదానికే అయితే నేను ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. ఎక్కువసార్లు ఆ భారం కొన్నోడి మీదనే పడతాది. ఒక్కోసారి పక్క చేను రైతు మీద కూడా పడతాది. అది ఎట్లనో లెక్క వేసి చూపిస్తా. ఈ మధ్య ఊర్లలో స్థలాలు కొంటున్నది, తల్లిదండ్రుల పేరు మీద దస్తావేజులు రాయిస్తున్నది ఎక్కువగా పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ పిల్లలే. కాబట్టి ఇది మీకే.

ముందు కట్టాల్సింది ఎంతో చూద్దాం. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం 7.5 శాతం. పైన చిల్లర చార్జీలు కొన్ని ఉంటాయి. వేరే ఒప్పందం లేకపోతే ఇది కట్టాల్సినోడు కొనేవాడే.

ఈ 7.5 శాతం దేని మీద? గవర్నమెంటు ప్రతి ఊరికి, ప్రతి సర్వే నెంబరుకు, టౌనులో అయితే వీధికి, డోర్ నెంబరుకు ఒక విలువ రాసి పెట్టుకుంటాది. దాన్నే మనం గవర్నమెంట్ వాల్యూ అంటాం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు registration.ap.gov.in లో ఎవరైనా చూసుకోవచ్చు. మన రాష్ట్రంలో ఈ మధ్య దీన్ని 2025 ఫిబ్రవరి 1న సవరించినారు. దస్తావేజులో రాసిన ధర, ఈ పుస్తకం ధర, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ పడతాది.

ఇక్కడనే మనోళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటారు. "పుస్తకం ధరకు తక్కువ కాకుండా రాయిస్తే చాలు, అంతా చట్టమే" అనుకుంటారు. డాక్యుమెంట్ రైటర్లు కూడా అదే చెప్తారు. అది నిజం కాదు. పుస్తకం ధర అంటే అంతకన్నా కిందికి డ్యూటీ లెక్క పోకుండా పెట్టిన గట్టు. నిజం ధర రాయకుండా వదిలేయడానికి ఇచ్చిన పర్మిషను కాదు. 1899 నాటి ఇండియన్ స్టాంపు చట్టం 27వ సెక్షను ఏమంటుందంటే, ఇచ్చిన సొమ్ము ఎంతో, డ్యూటీ మీద ప్రభావం చూపే సంగతులు ఏవో, అన్నీ పూర్తిగా, నిజంగా దస్తావేజులో రాయాల. మోసం చేసే ఉద్దేశంతో రాయకపోతే 64వ సెక్షను కింద 5,000 రూపాయల దాకా జుర్మానా. ఐదు వేలేగా అని నవ్వుకోవద్దండి. అసలు దెబ్బ జుర్మానాలో లేదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ఎవరి కథా కాదు, అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలు.

ఎమ్మిగనూరు టౌను అంచున 5 సెంట్ల స్థలం. మాట్లాడుకున్న ధర 20 లక్షలు. పుస్తకం ధర 8 లక్షలు. నిజం రాస్తే 20 లక్షల మీద 7.5 శాతం, అంటే 1,50,000 రూపాయలు. 8 లక్షలకు రాయిస్తే 60,000. కొనేవాడికి మిగిలింది 90,000. కళ్ళ ముందు కనిపించే లాభం ఇదే. కాదనను, అది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు అమ్మేవాడి వైపు వచ్చి చూడండి. అతనికి ఆ స్థలం రెండేళ్ళకు మించి చేతిలో ఉంటే, అమ్మిన లాభం మీద ఇన్‌కంటాక్సు 12.5 శాతం. 12 లక్షలు కాగితం మీద లేకుండా పోతే, పన్ను పడే స్థాయిలో ఉన్న మనిషికి 1,50,000 మిగులుతాది. అంటే కొన్నోడికి మిగిలింది 90 వేలు, అమ్మినోడికి మిగిలింది లక్షన్నర. "తక్కువకే రాయిద్దాం తమ్ముడూ, నీకే మేలు" అని అమ్మేవాడు ఎందుకంత ప్రేమగా చెప్తాడో ఇప్పుడు అర్థమైంది కదా?

అమ్మినోడి లక్షన్నర ఊరికే మాయం కాలేదు. అది కొన్నోడి నెత్తికి ఎక్కింది. నాలుగైదేళ్ళకు ఆ స్థలాన్ని 25 లక్షలకు అమ్ముతాడనుకోండి. ఈసారి కొనేవాడు బ్యాంకు లోను మీద కొనే టీచరో, రైల్వే ఉద్యోగో. బ్యాంకు లోను దస్తావేజు ధరను చూసే ఇస్తాది కాబట్టి అతను పూర్తి ధర రాయమంటాడు. అప్పుడు మన మనిషి లాభం ఎంత? నిజానికి 5 లక్షలు. కాగితం ప్రకారం 8 లక్షలకు కొని 25 లక్షలకు అమ్మినాడు, లాభం 17 లక్షలు. ఖర్చులు పక్కన పెడితే 5 లక్షల మీద పన్ను 62,500. 17 లక్షల మీద 2,12,500. తేడా సరిగ్గా 1,50,000. ఆ రోజు మిగిలించుకున్నది 90,000, ఈ రోజు ఎక్కువ కట్టేది 1,50,000. అమ్మినోడి పన్ను మనం మోసినట్టయింది.

"నేను అమ్మేటప్పుడు నేనూ తగ్గించే రాయిస్తా" అని ఒక పిల్లోడు నాతో వాదించినాడు. రాయించొచ్చు, దానికి ఒప్పుకునే కొనుగోలుదారు దొరికితే. లోను మీద కొనేవాళ్ళు పెరిగేకొద్దీ అట్లాంటోళ్ళు తగ్గిపోతారు. ఆఖరున ఎవరి చేతిలో ఆగితే వాళ్ళు అందరి బాకీ కడతారు.

ఇంకో సంగతి. ఆ స్థలానికి హక్కు సరిగ్గా లేదని తేలిందనుకోండి. వారసులు ఎవరో కోర్టుకు పోయినారు, మనకు డబ్బు వాపసు రావాల. దస్తావేజులో ఉన్నది 8 లక్షలు. మిగతా 12 లక్షలు రొక్కం ఇచ్చినా అని కోర్టులో చెప్పుకోవాల. కాగితం ఒకటి చెప్తుంటే నోటి మాటతో దాన్ని కాదని నిలబెట్టడం ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. దానికి తోడు, స్థలాల బేరంలో 20,000 గానీ అంతకు మించి గానీ రొక్కంగా తీసుకోకూడదని ఇన్‌కంటాక్సు చట్టం చెప్తాది. తీసుకున్నోడికి అంతే మొత్తం జుర్మానా. 2025 ఏప్రిల్‌లో బెంగుళూరు స్థలం కేసులో సుప్రీంకోర్టు ఇంకా ఒక అడుగు ముందుకు పోయింది. 2 లక్షలు, అంతకు మించి రొక్కం ఇచ్చినామని దావాలో గానీ, రిజిస్ట్రేషనుకు వచ్చిన దస్తావేజులో గానీ కనబడితే ఆ సంగతి ఇన్‌కంటాక్సు శాఖకు తెలపాలంది. అంటే ఆ 12 లక్షల కోసం నోరు తెరిస్తే మన ఇంటికే నోటీసు వస్తాది. నోరు మూసుకుంటే 12 లక్షలు పోతాయి.

రెండో రకం తగ్గింపు ఇంకోటి ఉంది. ఇది ఇంకా ప్రమాదం. ధర కాదు, ఆస్తినే తగ్గించి రాయడం. ఇల్లు ఉన్న చోట ఖాళీ స్థలం అని రాయిస్తారు. రెండంతస్తుల మేడను రేకుల షెడ్డు చేస్తారు. ప్లాట్లు వేసిన చేనును ఎకరాల లెక్కన సేద్యం భూమిగా చూపిస్తారు. మెయిన్ రోడ్డు మీద ఉన్నదాన్ని లోపలి సందులో ఉన్నట్టు రాస్తారు. అట్ల రాస్తే పుస్తకం ధరే మారిపోతాది. రిజిస్ట్రేషన్ రోజు గడిచిపోతాది కాబట్టి పని అయిపోయింది అనుకుంటారు.

అయిపోదు. మన రాష్ట్రానికి వర్తించే స్టాంపు చట్టంలో 47-ఏ అనే సెక్షను ఉంది. విలువ తక్కువ చూపించినారని సబ్ రిజిస్ట్రారుకు అనుమానం వస్తే దస్తావేజును ఆపి, విలువ తేల్చమని కలెక్టరు అధికారం ఉన్న ఆఫీసరుకు పంపొచ్చు. మామూలుగా ఆ పని చేసేది జిల్లా రిజిస్ట్రారు. రిజిస్ట్రేషన్ అయిపోయినాక కూడా రెండేళ్ళ లోపల ఆ ఆఫీసరు తనంతట తాను దస్తావేజును తెప్పించుకుని చూడొచ్చు. ఇంకా 41-ఏ సెక్షను ఉంది. ఆఫీసు పొరపాటున డ్యూటీ తక్కువ వసూలైందని ఆడిట్‌లో బయటపడితే ఐదేళ్ళ లోపు నోటీసు ఇవ్వొచ్చు. కావాలని సంగతులు దాచిపెట్టినట్టయితే పదేళ్ళ దాకా టైము ఉంది. కట్టకపోతే భూమి శిస్తు బాకీ వసూలు చేసినట్టు వసూలు చేస్తారు. ఆ నోటీసు వచ్చేది డాక్యుమెంట్ రైటరుకు కాదు, దళారికి కాదు. కొన్నోడికి.

అట్లాంటి నోటీసు వస్తే భయపడి పారిపోవద్దు, మూలకు పడేయొద్దు. ఏ సెక్షను కింద ఇచ్చినారు, దస్తావేజు ఏ తేదీది, గడువు దాటిందా లేదా, ఏ ఆధారంతో విలువ పెంచినారు, ఈ నాలుగు చూడండి. ఇల్లు తర్వాత కట్టి ఉంటే, రిజిస్ట్రేషన్ రోజుకు అది ఖాళీ స్థలమే అని కరెంటు మీటరు తేదీతో, ఇంటిపన్ను రసీదుతో, ప్లాను పర్మిషనుతో చూపించొచ్చు. మీ మాట వినకుండా విలువ ఖాయం చేయడానికి వీల్లేదు. చెప్పిన తేదీకి రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

ఇప్పుడు సేద్యం భూమి సంగతి. ఇక్కడ కథ మారిపోతాది, నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే.

మున్సిపాలిటీకి దూరంగా ఉన్న సేద్యం భూమి అమ్మితే లాభం మీద ఇన్‌కంటాక్సు లేదు. ఎంత దూరం అన్నది టౌను జనాభాను బట్టి ఉంటాది. 2011 జనాభా లెక్కల్లో ఆదోని లక్ష దాటింది, కాబట్టి మున్సిపాలిటీ హద్దు నుంచి 6 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు లక్షకు లోపలే ఉంది, కాబట్టి 2 కిలోమీటర్లు. రోడ్డు కొలత కాదు, కాకి ఎగిరిన కొలత. ఆ గీత అవతల ఉన్న చేను అమ్మే రైతుకు ధర దాచిపెట్టాల్సిన పనే లేదు. అయినా తక్కువకే రాస్తారు, కొనేవాడి డ్యూటీ కోసం.

దాని ఫలితం ఊరంతా అనుభవిస్తాది. ఎట్లంటే, రోడ్డుకో, కాలువకో, ఫ్యాక్టరీకో గవర్నమెంటు భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం ధర కట్టాల. ఆ చట్టం 26వ సెక్షనులో లెక్క ఉంది. ఒకటి, స్టాంపు డ్యూటీకి వాడే పుస్తకం ధర. రెండు, ఆ ఊర్లో గానీ పక్కన గానీ అట్లాంటి భూములకు గడిచిన మూడేళ్ళలో అయిన రిజిస్ట్రేషన్లలో, ఎక్కువ ధర రాసిన సగం దస్తావేజుల సగటు. వీటిలో ఏది ఎక్కువైతే అది. ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునే భూమికైతే ఒప్పుకున్న ధరను కూడా చూస్తారు. పల్లెల్లో దానికి 1 నుంచి 2 మధ్య ఒక గుణకం వేస్తారు, పైన అంతే మొత్తం సొలేషియం కలుపుతారు. నేషనల్ హైవేలకు తీసుకునే భూమికి కూడా 2015 నుంచి ఈ లెక్కే. ఆదోని మీదుగా పోయేది 167వ నెంబరు నేషనల్ హైవే అని గుర్తు పెట్టుకోండి.

ఊర్లో మూడేళ్ళలో 20 దస్తావేజులు అయినాయి అనుకోండి. నిజంగా చేతులు మారింది ఎకరాకు 20 లక్షలు. అన్నింటిలో రాసింది 8 లక్షలు, పుస్తకం ధర కూడా అంతే. గుణకం పక్కన పెట్టి చూసినా, సొలేషియం కలిపి ఎకరాకు వచ్చేది 16 లక్షలు. నిజం రాసి ఉంటే 40 లక్షలు. ఒక్క సెంటు కూడా అమ్మని, ఏ అబద్ధమూ రాయించని ముసలి రైతు చేను హైవేలో పోతే, అతనికి ఎకరాకు 24 లక్షలు తగ్గిపోయింది. ఎవరో కొనేవాడు ఎకరాకు 90 వేలు మిగిలించుకున్నందుకు.

1994లో సుప్రీంకోర్టు దగ్గరికి ఆదిలాబాద్ నుంచి ఒక భూసేకరణ కేసు పోయింది. జవాజీ నాగనాథం కేసు అంటారు. డ్యూటీ కోసం రాసుకున్న పుస్తకం ధర ఆధారంగా పరిహారం ఇవ్వమంటే, ఆ పుస్తకానికి చట్టం బలం లేదు, అది పరిహారానికి ఆధారం కాదు అంది కోర్టు. 2013 చట్టం వచ్చినాక ఆ పుస్తకం ధర నేరుగా లెక్కలోకి వచ్చింది. అంటే అప్పటికన్నా ఇప్పుడు కాగితం మీద అంకెకు విలువ పెరిగింది. మనం మాత్రం పాత అలవాటులోనే ఉన్నాం.

ఇంకో చిన్న మాట. ఆ 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ పోయేది పల్లెల్లో పంచాయతీ, మండల, జిల్లా పరిషత్తులకు, టౌనులో మున్సిపాలిటీకి. మన ఎమ్మిగనూరు లెక్కలో దాచిన 12 లక్షల మీద అది 18,000. వీధి లైటు ఎందుకు వెలగదని ఫోను పట్టుకుని వీడియో తీసేటప్పుడు ఈ అంకె కూడా గుర్తు రావాల.

ఇట్లంటే నేను గవర్నమెంటు పక్షం మాట్లాడుతున్నా అనుకోవద్దు. పుస్తకం ధరలో తప్పు రెండు వైపులా ఉంది. రోడ్డు పక్క, వెంచర్ల పక్క అది నిజానికి సగం కూడా ఉండదు. లోపలి ఊర్లో, నీళ్ళు లేని రాళ్ళ చేనుకు కొన్నిసార్లు నిజం ధర కన్నా ఎక్కువ ఉంటాది. బిడ్డ పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో, వలస పోయే ముందు అప్పు తీర్చడానికో అమ్ముకునే రైతు ఎకరా 5 లక్షలకు ఇస్తే, పుస్తకంలో 7 లక్షలు ఉంటే? రెండెకరాలకు కొనేవాడు ఇచ్చింది 10 లక్షలు, డ్యూటీ 14 లక్షల మీద. 75,000 బదులు 1,05,000. ఆ ఎక్కువ 30,000 కొనేవాడు రైతు ధరలోనే కోస్తాడు. ధనవంతుడి రోడ్డు స్థలానికి రాయితీ, పేదోడి మెట్ట చేనుకు వడ్డన.

దీనికి చట్టంలో దారి ఉంది. పుస్తకం ధర ఆఖరి మాట కాదని, అది ప్రాథమిక ఆధారం మాత్రమేనని సుప్రీంకోర్టు 1999లో రమేష్ చంద్ బన్సాల్ కేసులో చెప్పింది. 47-ఏ కింద విలువ తేల్చమని మనమే అడగొచ్చు. అమ్మిన రోజు బహిరంగ మార్కెట్లో ఆ భూమి ఎంత పలుకుతుందో అదే అసలు విలువ. కానీ ఆ రిఫరెన్సు పోవాలంటే సబ్ రిజిస్ట్రారు చూపించిన తేడా డ్యూటీలో సగం ముందే కట్టాల. తర్వాత ఎక్కువ కట్టినట్టు తేలితే వాపసు వస్తాది. అవసరంలో ఉండి అమ్ముకునేవాడి దగ్గర ముందు కట్టడానికి దుడ్లు యాడుంటాయి? దస్తావేజు నెలల తరబడి ఆగితే కొనేవాడు ఉంటాడా? హక్కు కాగితం మీద ఉంది, దాని తలుపుకు సగం డబ్బు తాళం వేసినారు. చిన్న కమతాలకు ఈ సగం షరతు తీసేయాలని మనం అడగాల.

అడగాల్సింది ఇంకోటి కూడా ఉంది. పుస్తకం ధరలు సవరించేటప్పుడు ఊరి గ్రామసభలో ఆ అంకెలు చదివి వినిపించాల. ఏ సర్వే నెంబరుకు ఎంత పెట్టినారో రైతులే చెప్తారు, ఇది ఎక్కువ, అది తక్కువ అని. భూసేకరణ మొదలుపెట్టే ముందు ఆ ప్రాంతం ధరలను ఇప్పటి మార్కెట్టుకు తగ్గట్టు సవరించాలని 2013 చట్టమే కలెక్టరుకు చెప్తాది. సర్వే జెండాలు పాతిన రోజే ఆ మాట ఎత్తి అర్జీ ఇవ్వాల. పరిహారం ఖరారైనాక ఎత్తితే లాభం తక్కువ.

మీరు స్థలం కొంటుంటే చేయాల్సింది ఇంతే. అగ్రిమెంటు రాసుకునే రోజే పూర్తి ధర రాయండి, దస్తావేజులోనూ అదే ఉంటాదని అందులోనే రాయించండి. దుడ్లు బ్యాంకు ద్వారా ఇవ్వండి. ధర మాట్లాడేటప్పుడే 7.5 శాతం లెక్కలో వేసుకోండి. 20 లక్షల స్థలం నిజానికి 21.5 లక్షల స్థలం. అమ్మేవాడు తక్కువకే రాయాలని పట్టుబడితే, అతనికి పన్ను ఎంత మిగులుతుందో అతని ముందే కాగితం మీద లెక్క వేసి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. చాలాసార్లు "నీకే మేలు" అన్న మాట ఆ కాగితం దగ్గరనే ఆగిపోతాది.